జవాబు 12 ఆ, 20 ఆ? ఫొటోలోని త్రిభుజం లెక్క ఎవరైనా చూడండి

గాజువాక_నాన్న
మా అమ్మాయి పదో తరగతి. ట్యూషన్‌లో పెట్టిన పరీక్షలో ఒక లెక్కకి నాలుగు మార్కులకి సున్నా వేశారు. కాగితం సంతకం కోసం ఇంటికి పంపి మర్నాడే వెనక్కి తీసుకున్నారు. అందుకే నా దగ్గర ఫొటో ఒక్కటే ఉంది, పైన పెట్టాను. డైనింగ్ టేబుల్ దగ్గర పాపకి ఎదురుగా కూర్చుని తీసి, తర్వాత ఫోన్‌లో తిప్పాను. అందుకే కాస్త వంకరగా ఉంటుంది.

బొమ్మ చేత్తో గీసి జిరాక్స్ తీసినది. ABC త్రిభుజం, A పైన, B కింద ఎడమవైపు, C కుడివైపు. AB మీద D, AC మీద E. B దగ్గర లంబకోణం డబ్బా గుర్తు ఉంది. DE ∥ BC అని ప్రశ్నలోనే ఇచ్చారు. AD పక్కన 6, DE మీద 8. ఎడమ భుజం బయట, కాస్త కిందికి 9 అని రాసి ఉంది. కుడివైపు AE పక్కన 10, దాని కింద బయటగా 15. BC ఎంత అని ప్రశ్న.

మా అమ్మాయి 12 అంది. వాళ్ల కీ లో 20. నేను చేస్తే నాకూ 12 వచ్చింది. కీ తప్పేమోనని అడగడానికి వెళ్లేముందు ఇక్కడ అడుగుతున్నాను.

ఇంటర్_ఫస్టియర్
12 కరెక్టే అంకుల్. థేల్స్ సిద్ధాంతం. AD/DB = AE/EC = DE/BC. 6/9 = 10/15 = 8/BC. BC = 12. కీ తప్పు.

సీతమ్మధార_శ్రీను
20. అంతే.

మధురవాడ_రాధ
నాకు 12 వచ్చింది గానీ వేరే దారిలో. 9 అనేది మొత్తం AB కదా? భుజం బయట రాశారు కాబట్టి భుజం మొత్తానిదే అనుకున్నాను. AD/AB = 6/9, కాబట్టి DE/BC కూడా 6/9. 8 కి 12.

గాజువాక_నాన్న
ఇద్దరు 12 అన్నారు. అయితే కీ తప్పనే కదా?

ఎంవీపీ_లెక్కల_మాస్టారు
తొందరపడకండి. ఇద్దరికీ 12 వచ్చింది గానీ ఇద్దరూ ఒకే మాట చెప్పలేదు. రాధ గారు 9 ని మొత్తం AB అనుకున్నారు. అలా అనుకుంటే ఆవిడ చేసిన పద్ధతి నూటికి నూరు పాళ్లు సరైనది. ఇంటర్ బాబు 9 ని DB అనుకున్నాడు, అలా అనుకుని చేసిన పద్ధతి తప్పు. AD/DB = AE/EC వరకు ఒప్పు. దానికి DE/BC ని తగిలించకూడదు. DE, BC రెండూ రెండు త్రిభుజాల భుజాలు. చిన్న త్రిభుజం ADE, పెద్దది ABC. చిన్నదాంట్లో AD ఉంటే పెద్దదాంట్లో దానికి జోడీ AB. DB ఏ త్రిభుజానికీ భుజం కాదు, మిగిలిన ముక్క.

కాబట్టి 9 ని DB అనుకుంటే AB = 15, BC = 8 × 15/6 = 20. 9 ని AB అనుకుంటే BC = 12. అసలు తేల్చాల్సింది ఒక్కటే, ఆ 9 ముక్కదా, మొత్తానిదా.

ఇంటర్_ఫస్టియర్
సార్, కానీ 6/9 = 10/15 సరిపోయింది కదా. రెండువైపులా 2/3 వస్తే మూడోది కూడా 2/3 ఎందుకు కాకూడదు?

ఎంవీపీ_లెక్కల_మాస్టారు
రెండువైపులా సరిపోవడం వల్ల DE, BC సమాంతరమని తెలుస్తుంది, అంతవరకే. D ని A కి చాలా దగ్గరగా జరిపి చూడు. AD దాదాపు సున్నా, DE కూడా దాదాపు సున్నా. ఇప్పుడు D ని సరిగ్గా AB మధ్యలో పెట్టు. AD/DB = 1 అవుతుంది. నీ లెక్క ప్రకారం DE కూడా BC కి సమానం కావాలి. మధ్యలో గీసిన గీత అడుగు భుజమంత పొడుగు ఉంటుందా?

ఇంటర్_ఫస్టియర్
ఉండదు సార్. సగమే ఉంటుంది. అర్థమైంది.

మధురవాడ_రాధ
కుడివైపు 10, 15 ఉన్నాయి కదా మాస్టారూ. వాటితో తేలదా?

ఎంవీపీ_లెక్కల_మాస్టారు
నేనూ ముందు అదే చూశాను. 9, 15 రెండూ ముక్కలైతే 6/9 = 10/15, సరిపోతుంది. రెండూ మొత్తాలైతే, AD/AB = 6/9, AE/AC = 10/15, అదీ సరిపోతుంది. ఒకటి ముక్క, ఇంకోటి మొత్తం అయితే మాత్రం కుదరదు. ఎడమవైపు పెద్దది రెండున్నర రెట్లు, కుడివైపు ఒకటిన్నర రెట్లు అవుతుంది, అప్పుడు DE సమాంతరం కాదు. అంటే రెండు అంకెలూ ఒకే జాతివని తెలిసింది. ఏ జాతి అన్నది తేలలేదు.

పైథాగరస్ కూడా ఇక్కడ సాయం చేయదు. 15, 20, 25 లంబకోణ త్రిభుజమే, 9, 12, 15 కూడా అంతే.

గోపాలపట్నం_రాజు
అసలు ఆ బొమ్మలో లంబకోణం ఎక్కడుంది? ఫొటో ప్రింట్ తీసి కోణమానిని పెట్టాను. B దగ్గర 118 డిగ్రీలు ఉంది. DE, BC కూడా కొంచెం తేడాగా వాలి ఉన్నాయి. సమాంతరమే కానప్పుడు ఏ సిద్ధాంతం వాడతారు?

సీతమ్మధార_శ్రీను
రాజు గారూ, అది ఫొటో వంకర. డబ్బా గుర్తు ఉంటే 90 అనే చదవాలి. సమాంతరమని ప్రశ్నలో రాసే ఉంది.

గోపాలపట్నం_రాజు
సరే, అది ఒప్పుకుంటాను. కానీ పొడవులు కూడా కొలిచాను. లాప్‌టాప్ స్క్రీన్ మీద ఫొటోని నిండుగా పెట్టి స్కేలుతో చూస్తే DE 4.6 సెం.మీ., BC 9.1 సెం.మీ. దాదాపు రెట్టింపు. AD, DB రెండూ సమానంగా 2.4 చొప్పున ఉన్నాయి. D సరిగ్గా మధ్యలో ఉంది కాబట్టి BC = 16 కావాలి. 12 కాదు, 20 కాదు.

గాజువాక_నాన్న
ఇప్పుడు మూడో జవాబు వచ్చింది. నాకు టెన్షన్ పెరుగుతోంది.

ఆటోనగర్_ఫిట్టర్
ఇలాంటి 9 వల్ల నేను ఒక ప్లేటు పాడుచేశాను అన్నా. కోసుగా ఉండే బ్రాకెట్ ప్లేట్లు. డ్రాయింగ్ ఫొటో వాట్సాప్‌లో వచ్చింది. పైన 200 అని, కింద 300 అని ఉంది. 300 పై చివర నుంచి అనుకుని కోశాను. అది 200 తర్వాత ఇంకో 300. మొత్తం 500 పొడవు రావాల్సింది. 10 మి.మీ. ప్లేటు తుక్కులోకి పోయింది.

పద్ధతైన డ్రాయింగ్‌లో అంకె పక్కన సన్నగీత ఉంటుంది. గీతకి రెండు చివరలా బాణం ములుకులు ఉంటాయి. ములుకు ఎక్కడ ఆగితే కొలత అక్కడికి. అంకె ఎక్కడ రాశారన్నది మేం పట్టించుకోం, ములుకులే చూస్తాం. ఈ బొమ్మలో ఆ గీత లేదు. గీసినవాళ్లదే తప్పు.

ఎంవీపీ_లెక్కల_మాస్టారు
స్కూలు బొమ్మల్లో ములుకులు అరుదుగా వేస్తారు. అంకె ఏ ముక్క మధ్యకి ఎదురుగా ఉంటే ఆ ముక్కది అని చదవడం మాకు అలవాటు. ఇక్కడ 9 ఎక్కడుంది? D, B ల మధ్యలోనా, A, B ల మధ్యలోనా?

గాజువాక_నాన్న
D కి కొంచెం కిందగా ఉంది సార్. కానీ దూరంగా, భుజానికి బాగా బయట.

ఎంవీపీ_లెక్కల_మాస్టారు
అయితే DB ది అనిపిస్తోంది. కానీ గట్టిగా చెప్పలేను.

సర్వే_మనిషి_భీమిలి
రాజు గారి కొలతలు తప్పు కాదు. ఆ కొలతలతోనే ఇది తేలుతుంది. రాజు గారూ, ఇంకో మూడు కొలతలు చెబుతారా? అదే స్క్రీన్ మీద, అదే సైజులో కాగితం వెడల్పు ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా A మట్టంలో ఎంత, D మట్టంలో ఎంత, B మట్టంలో ఎంత?

గోపాలపట్నం_రాజు
A దగ్గర 18. D దగ్గర 15. B దగ్గర 12. కాగితం కిందికి పోయేకొద్దీ బాగా సన్నబడింది.

సర్వే_మనిషి_భీమిలి
నాన్న గారు ఎదురుగా కూర్చుని తీశారు కాబట్టి కాగితం పైభాగం ఫోన్‌కి దగ్గరగా, కిందిభాగం దూరంగా ఉంది. నిజానికి కాగితం వెడల్పు అంతటా ఒకటే. ఫొటోలో 18 నుంచి 12 కి తగ్గిందంటే, B దగ్గర ఉన్నదంతా A దగ్గర ఉన్నదాని కంటే అంత చిన్నగా పడిందన్నమాట. దూరంగా ఉన్న DB కుదించుకుపోయింది, దగ్గరగా ఉన్న AD పెద్దగా కనిపించింది. అందుకే రెండూ సమానంగా వచ్చాయి.

ఎంత కుదించుకుపోయిందో కూడా చెప్పవచ్చు. ఇలా దూరంగా వెళ్లే గీత మీద ఒక ముక్క ఫొటోలో ఎంత పడుతుందంటే, దాని నిజం పొడవుని ఆ ముక్క రెండు చివరల దగ్గరి కాగితం వెడల్పులతో గుణిస్తే వచ్చే నిష్పత్తిలో పడుతుంది. ఇప్పుడు రెండు రకాలుగా చూడండి.

9 ముక్క అయితే AD = 6, DB = 9.
AD కి 6 × 18 × 15 = 1620
DB కి 9 × 15 × 12 = 1620

రెండూ సమానం. రాజు గారి స్కేలు మీద వచ్చిందీ అదే, 2.4, 2.4.

9 మొత్తం అయితే AD = 6, DB = 3.
AD కి 6 × 18 × 15 = 1620
DB కి 3 × 15 × 12 = 540

అదే నిజమైతే ఫొటోలో AD, DB కి మూడింతలు కనిపించాలి. అలా లేదు. కాబట్టి 9 అనేది DB.

మధురవాడ_రాధ
రెండు చివరల వెడల్పులతో ఎందుకు గుణించాలి? ఒక చివరది చాలదా?

సర్వే_మనిషి_భీమిలి
అడ్డంగా ఉన్న గీతకైతే ఒక్కటే చాలు, ఎందుకంటే అదంతా ఒకే దూరంలో ఉంటుంది. దూరంగా వెళ్లే గీత రెండు రకాలుగా తగ్గుతుంది. దూరం వల్ల చిన్నబడుతుంది, ఏటవాలుగా చూడటం వల్ల ఇంకా అణిగిపోతుంది. రోడ్డు మీద తెల్లగీతల ముక్కలు చూడండి. బీచ్ రోడ్డులో నిలబడి చూస్తే దూరం పోయేకొద్దీ ముక్కల వెడల్పు కంటే పొడవు తొందరగా తగ్గిపోతుంది. ఒక్క వెడల్పుతో సరిచేస్తే అందుకే సరిపోదు.

DE, BC లకి ఒక్క వెడల్పు చాలు. DE 4.6 ని 15 తో భాగిస్తే 0.307. BC 9.1 ని 12 తో భాగిస్తే 0.758. మొదటిది రెండోదానిలో 0.4 వంతు. 8 ని 0.4 తో భాగిస్తే 20. రాజు గారి 16 రావడానికి కారణం, రెండు వేర్వేరు దూరాల్లో ఉన్న గీతల్ని ఒకే స్కేలుతో కొలవడం.

గోపాలపట్నం_రాజు
నా కొలతలే నా జవాబుని తప్పని చూపించాయి. సంతోషంగా ఒప్పుకుంటున్నాను.

సీతమ్మధార_శ్రీను
నాకు ఇది నచ్చలేదు. పరీక్ష బొమ్మలు కొలతకి గీయరు. చేత్తో గీసిన బొమ్మని కొలిచి జవాబు తేల్చడం ఏమిటి? టీచరు D ని ఇంకోచోట పెట్టి ఉంటే?

సర్వే_మనిషి_భీమిలి
మీరన్నది న్యాయమే శ్రీను గారూ. జవాబుని కొలిచి తీసుకోకూడదు. ఇక్కడ నేను కొలిచింది జవాబు కోసం కాదు. ఎదురుగా రెండే దారులున్నాయి. ఒకదాంట్లో D, A కి దగ్గరగా ఉండాలి, రెండోదాంట్లో B కి దగ్గరగా ఉండాలి. చేత్తో గీసినా ఆ తేడా దాగదు, సమానానికీ మూడింతలకీ ఉన్న తేడా అది. 0.4 సరిగ్గా వచ్చిందంటే టీచరు స్కేలు పెట్టి గీశారన్నమాట, అది మన అదృష్టం. బొమ్మ నిర్లక్ష్యంగా గీసి ఉంటే నేను కూడా చేతులెత్తేసేవాణ్ణి.

సీతమ్మధార_శ్రీను
రెండింట్లో ఒకటి ఎంచుకోడానికైతే సరే. దీన్ని పిల్లలకి పద్ధతిగా నేర్పొద్దు.

మధురవాడ_రాధ
ఫోన్‌లో స్కానర్ ఉంటుంది కదా. కాగితం నాలుగు మూలలు పట్టిస్తే తిన్నగా అయిపోతుంది. ఈ గుణకారాలు ఎందుకు?

సర్వే_మనిషి_భీమిలి
అదీ ఇదే పని చేస్తుంది మేడమ్. నాలుగు మూలలూ ఫొటోలో పడి ఉండాలి, కాగితం బల్లపరుపుగా ఉండాలి. అంచు పైకి లేచినా, పుస్తకం మడత దగ్గర వంపు తిరిగినా మూలలు పట్టించి లాభం లేదు.

ఇంకోటి జాగ్రత్త. యాప్‌కి కాగితం అసలు పొడవు, వెడల్పు తెలియకపోతే కొద్దిగా సాగదీసో, నొక్కో పెడుతుంది. అలా జరిగినా AD కి DB కి ఉన్న నిష్పత్తి మారదు, ఒకే గీత మీద ఉన్నాయి కాబట్టి. DE, BC ల నిష్పత్తీ మారదు, సమాంతరం కాబట్టి. కానీ AB కి BC కి ఉన్న నిష్పత్తి మారిపోతుంది, ఏటవాలు గీతల కోణాలూ మారతాయి. వాటిని స్కాన్‌లో కొలిచి నమ్మకూడదు.

గాజువాక_నాన్న
స్కానర్‌లో పెట్టి చూశాను. నాలుగు మూలలూ ఉన్నాయి. ఇప్పుడు D స్పష్టంగా A వైపు ఉంది. స్క్రీన్ మీద AD 3.2, DB 4.8. రెండుకి మూడు. 9 ముక్కదే.

పెందుర్తి_లక్ష్మి
ఇది చదువుతుంటే ఒక సందేహం. మా అపార్ట్‌మెంట్ ముందు కొబ్బరిచెట్టు ఉంది, పక్కన మా అబ్బాయి నిలబడిన ఫొటో ఉంది. వాడు 5 అడుగులు. ఫొటోలో కొలిచి చెట్టు ఎత్తు చెప్పవచ్చా? ఫొటోలో చెట్టు వాడికి ఆరింతలు ఉంది. 30 అడుగులేనా?

సర్వే_మనిషి_భీమిలి
వాడు చెట్టు మొదలుకి ఆనుకుని నిలబడ్డాడా, రెండడుగులు ముందుకా? ముందుకు ఉంటే వాడు పెద్దగా పడతాడు, చెట్టు నిజానికి 30 కంటే ఎక్కువే ఉంటుంది. ఫోన్‌ని చెట్టు కొన వైపు పైకి వాల్చి తీసి ఉంటే చెట్టు పైభాగం కుదించుకుపోయి ఉంటుంది, అప్పుడూ ఎక్కువే. ఎండలో నీడలు కొలవండి. ఒకే సమయంలో వాడి నీడ, చెట్టు నీడ. నేల చదునుగా ఉంటే చాలు.

పెందుర్తి_లక్ష్మి
మూడడుగులు ముందు ఉన్నాడు. రేపు నీడ కొలుస్తాం.

గాజువాక_నాన్న
అసలు విషయానికి వస్తాను. 9 DB అని తేలింది కాబట్టి కీ ఒప్పే, 20. కానీ మా అమ్మాయి 9 ని AB అని చదివి ఉంటే ఆమె పద్ధతి తప్పు కాదు కదా? అప్పుడు సున్నా అన్యాయం. ఆమె కాగితంలో రాసింది ఇంతే:

6/9 = 8/x
x = 12

సుధ_టీచర్_తగరపువలస
ఇక్కడే చిక్కు ఉంది. రాధ గారు చేసినా అదే వరస వస్తుంది, ఇంటర్ బాబు చేసినా అదే వరస వస్తుంది. 6/9 = 8/x చూసి పేపరు దిద్దేవాళ్లకి ఆ అమ్మాయి మనసులో AD/AB ఉందో, AD/DB ఉందో తెలియదు. అందుకే మా పిల్లల్ని ముందు అక్షరాల్లో ఒక వరస రాయమంటాను, అంకెలు తర్వాత.

అమ్మాయిని తిట్టకుండా ఇంకో లెక్క అడగండి. బొమ్మ వద్దు, మాటల్లోనే చెప్పండి. AD 4, DB 6, DE 6, సమాంతరం, BC ఎంత? ఇందులో 6 ముక్కదని మీరే చెప్పారు కాబట్టి చదవడంలో పొరపాటుకి చోటు లేదు. 15 అంటే మొన్నటిది బొమ్మ చదవడంలో పొరపాటు. 9 అంటే పద్ధతిలోనే ఉంది.

గాజువాక_నాన్న
అడిగాను. క్షణం ఆలోచించకుండా 9 అంది. ఎలా అంటే, "పైది బై కిందది, నాన్నా" అంది. నేనూ మొదట అలాగే చేశానని చెప్పాను. ఇప్పుడు దీన్ని ఎలా విడమర్చాలి? చిన్న త్రిభుజం, పెద్ద త్రిభుజం అని చెప్తే తల ఊపుతుంది, మళ్లీ అదే చేస్తుంది.

సుధ_టీచర్_తగరపువలస
"తప్పు" అనకండి. ఆమె 12 ఆ బొమ్మలో నిజంగానే ఉంది. ఎక్కడుందో చూపించండి.

E నుంచి AB కి సమాంతరంగా కిందికి ఒక గీత గీయమనండి. BC ని తాకిన చోటు F. ఇప్పుడు ఎడమవైపు DBFE ఒక దీర్ఘచతురస్రం. లంబకోణం లేని బొమ్మలోనైతే సమాంతర చతుర్భుజం, మిగతా కథ అదే. దాని ఎదురెదురు భుజాలు సమానం. కాబట్టి BF = 8, EF = 9.

మిగిలింది కుడివైపు కింద EFC అనే త్రిభుజం. అది పైనున్న ADE లాంటిదే, కోణాలన్నీ ఒకటే. పైదానికి నిలువు భుజం 6, దీనికి 9. పైదానికి అడుగు 8. మరి దీని అడుగు FC ఎంత?

6/9 = 8/FC. FC = 12.

మీ అమ్మాయి రాసిన వరస అక్షరం మారకుండా అదే. ఆమె కనుక్కున్నది FC. "పైది బై కిందది" అంటే పై త్రిభుజం బై కింది త్రిభుజం, ఆ కింది త్రిభుజం EFC, దానికి అడుగు FC మాత్రమే. BC లో ఇంకా BF అనే 8 మిగిలి ఉంది. 8 + 12 = 20.

ఎంవీపీ_లెక్కల_మాస్టారు
సుధ గారూ, ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను, ఆ 12 కి బొమ్మలో చోటు ఉందని నేను ఎప్పుడూ చూపించలేదు. తప్పు నిష్పత్తి అని కొట్టేసేవాణ్ణి. EC 15 కూడా సరిపోతోంది, 9, 12, 15.

ఇంటర్_ఫస్టియర్
నా 12 కూడా అదేనన్నమాట! నేను FC కనుక్కుని BC అని రాశాను.

మధురవాడ_రాధ
అంటే ఆ పద్ధతిలో వచ్చే జవాబుకి ఎప్పుడూ DE కలిపితే సరిపోతుందా?

సుధ_టీచర్_తగరపువలస
సరిపోతుంది, ఎప్పుడైనా. నేనిచ్చిన రెండో లెక్కలో కూడా 9 కి 6 కలిపితే 15. కానీ దాన్ని చిట్కాగా చెప్పకండి, ఎక్కడ కలపాలో మర్చిపోతారు. F గీత గీసే అలవాటు చేయండి చాలు.

గాజువాక_నాన్న
రాత్రి కూర్చోబెట్టి గీయించాను. F పెట్టగానే తనే "అయ్యో, ఈ ముక్క వదిలేశాను" అని BF మీద వేలు పెట్టింది. తర్వాత 4, 6, 6 లెక్క మళ్లీ ఇస్తే F గీసి 15 అంది. ఇంకో బొమ్మ ఇచ్చాను, ఈసారి అంకెని కావాలనే బయట రాశాను. "ఇది ముక్కా, మొత్తమా? చెప్పకపోతే చేయను" అంది.

ఇవాళ ట్యూషన్‌కి వెళ్లి సార్‌తో మాట్లాడాను. 9 ఎక్కడిదో స్పష్టంగా లేదని ఆయన ఒప్పుకున్నారు. 9 ని AB అని చదివి 12 రాసినవాళ్లు ఇంకా ఇద్దరున్నారట, వాళ్లకి మార్కులు ఇస్తారట. మా అమ్మాయి సంగతి అడిగితే, ఆమె అలా చదివిందా అని నన్నే అడిగారు. లేదని చెప్పాను.

ఆటోనగర్_ఫిట్టర్
అన్నా, అడిగి ఉండాల్సింది. ములుకు వేయకపోవడం వాళ్ల తప్పు. బొమ్మ రెండు రకాలుగా చదవగలిగినప్పుడు రెండు జవాబులకీ ఇవ్వాలి, మనసులో ఏముందో ఎవరు చూశారు?

ఎంవీపీ_లెక్కల_మాస్టారు
పేపరు దిద్దేవాడిగా నేనైతే నాలుగూ ఇచ్చేవాణ్ణి. కాగితం మీద ఉన్న వరస ఒక చదువుడికి సరైనదే కాబట్టి.

సీతమ్మధార_శ్రీను
నేనైతే ఇవ్వను. అక్షరాల్లో రాయని నిష్పత్తికి ఒక మార్కు.

గాజువాక_నాన్న
మార్కుల సంగతి వదిలేశానండీ. సార్ మాత్రం ఆ షీటు మళ్లీ గీస్తానన్నారు. ములుకుల సంగతి నేనే చెప్పాను.

పెందుర్తి_లక్ష్మి
నీడ కొలిచాం. ఉదయం తొమ్మిదింటికి అబ్బాయి నీడ 6 అడుగులు, చెట్టు నీడ 42. చెట్టు 35 అడుగులు వచ్చింది.